ఇంట్లోనే పదో తరగతి లెక్కలు – ఆరో భాగం: గెస్ పేపర్‌ను పుస్తకం పక్కన పెట్టి చూడటం

పోయిన భాగంలో సంభావ్యత ముగించాం. పాచికల లెక్కలు ఇంకా చేయనివాళ్లు ముందు అవి చేసి రండి. ఈ భాగంలో కొత్త లెక్కలేమీ లేవు. ఒక నోటు పుస్తకం, పాఠ్యపుస్తకం, మీ దగ్గరున్న 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్' జిరాక్సు కాగితాలు ముందు పెట్టుకోండి. అవి లేవని మాత్రం చెప్పకండి. ఫిబ్రవరి వస్తే కావలిలో అవి లేని స్కూల్ బ్యాగు నాకు కనబడలేదు.

కిందటేడు నా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడు నాలుగు పేజీల కాగితం తెచ్చాడు. ఒంగోలులో వాళ్ల మేనమామ కొనిచ్చాడట. అందులో 24 ప్రశ్నలున్నాయి, అన్నీ ఎనిమిది మార్కులవే. "సార్, ఇవి చాలంట. పోయినసారి ఇందులోవే వచ్చాయంట" అన్నాడు.

"సరే అబ్బయ్యా, పుస్తకంలో విషయసూచిక తియ్యి" అన్నాను.

విషయసూచికలో ఉండేది 14 అధ్యాయాలు. వాటిని నోటు పుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాయించాను. కాగితంలోని ఒక్కో ప్రశ్న ఏ అధ్యాయందో చూసి దాని ఎదురుగా గీత పెట్టమన్నాను. పది నిమిషాల పని. త్రికోణమితి అనువర్తనాల దగ్గర ఆరు గీతలు పడ్డాయి. త్రిభుజాలు, సాంఖ్యకశాస్త్రం దగ్గర నాలుగేసి. వాస్తవ సంఖ్యలు, బహుపదులు, నిరూపక జ్యామితి, వృత్తాలకు సంబంధించిన వైశాల్యాలు, సంభావ్యత, ఈ అయిదింటి ఎదురుగా ఒక్క గీత కూడా లేదు. వాడు కాగితం తిప్పి వెనక పేజీ కూడా చూశాడు పాపం.

ఇప్పుడు పేపరు సంగతి. ప్రస్తుత పద్ధతిలో లెక్కల పేపరు 100 మార్కులకు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఇదీ లేదా అదీ అనే ఛాయిస్ ఎనిమిది మార్కుల వాటికే ఉంటుంది. అంటే కాగితంలోంచి అయిదుకు అయిదూ దిగినా, అన్నీ తప్పు లేకుండా రాసినా వచ్చేది 40. మిగతా 60 మార్కులకు 28 ప్రశ్నలు, అన్నీ రాయాల్సినవే. 28ని 14 అధ్యాయాలకు పంచితే సగటున అధ్యాయానికి రెండేసి. ఇది సగటే, అచ్చంగా అలాగే వస్తాయని కాదు. అయినా అయిదు అధ్యాయాలు వదిలేసినవాడు పదింటి దాకా ప్రశ్నలు చూసి ఊరుకోవాల్సి వస్తుంది. ఆ అరవైలో ఇరవై మార్కులు అక్కడే పోతాయి.

ఇంకా బాధేమిటంటే పోయేవి తేలికైన మార్కులు. రెండు పాచికలు వేస్తే మొత్తం 8 వచ్చే సంభావ్యత ఎంత? 2,6, 3,5, 4,4, 5,3, 6,2. అయిదు. మొత్తం 36. కాబట్టి 5/36. రెండు నిమిషాలు పట్టదు. కాలవ చివరి పొలానికి నీళ్లు అందనట్టు, పుస్తకం చివరనున్న సంభావ్యత లాంటి అధ్యాయాలకు మన టైము అందదు. కాగితాలు తయారుచేసేవాళ్లూ వీటిని పట్టించుకోరు, ఎందుకంటే వీటిలోంచి పెద్ద ప్రశ్న తీయడం కష్టం.

'ఇందులోవే వచ్చాయి' అనే మాట కూడా అబద్ధం కాకపోవచ్చు. ఎనిమిది మార్కుల భాగంలో ఛాయిస్‌తో కలిపి పది ప్రశ్నలు అచ్చవుతాయి. 24 ప్రశ్నల వల వేస్తే రెండు మూడు చేపలు పడకుండా ఉండవు. పైగా అదే అధ్యాయంలోంచి ఏది వచ్చినా 'మాదే' అని చెప్పుకుంటారు.

పడిన చేప కూడా ఒక్కోసారి చేతికి చిక్కదు. ఆ కుర్రాడికి ప్రాథమిక అనుపాత సిద్ధాంతం నిరూపణ కంఠతా వచ్చు. బొమ్మతో సహా ఎక్కడా ఆగకుండా రాశాడు. వెంటనే ఇది ఇచ్చాను: త్రిభుజం ABC లో DE, BC కి సమాంతరం. AD = x, DB = x − 2, AE = x + 2, EC = x − 1. x ఎంత? పెన్ను ఆగిపోయింది. నిరూపణ మళ్లీ మొదటినుంచి రాయబోయాడు. ఆ సిద్ధాంతం చెప్పేదల్లా AD/DB, AE/EC సమానం అని. గుణిస్తే x(x − 1) = (x − 2)(x + 2). రెండువైపులా x² పోగా −x = −4, x = 4. మూడు వరుసల లెక్క. సిద్ధాంతం చివరి వాక్యం వాడికి వచ్చు, దాన్ని వాడొచ్చని మాత్రం తెలియదు. కాగితంలో ప్రశ్న ఉన్న రూపంలోనే చదివాడు మరి.

మీ కాగితానికి ఇంకో పరీక్ష పెట్టండి. అందులో సమితులు, సంవర్గమానాలు, గుణశ్రేఢులు కనబడుతున్నాయా? అయితే అది పాత పుస్తకం నాటిది. 2024-25 నుంచి మన రాష్ట్రంలో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం వచ్చింది, అందులో ఇవి లేవు. కొత్త అట్ట వేసి పాత సరుకు అమ్మేవాళ్లున్నారు.

ఇక పుస్తకమంతా చేతిలో ఉంచుకునే పద్ధతి. ఇందాకటి 14 వరుసల పట్టికకు నాలుగు నిలువు గడులు గీయండి: 1, 2, 4, 8. ఒక గడిలో టిక్కు పెట్టాలంటే ఆ స్థాయి లెక్క ఒకటి పుస్తకం మూసి చేసి, జవాబు సరిచూసుకుని ఉండాలి. చదివితే టిక్కు లేదు. అర్థమైనట్టు అనిపిస్తే అసలే లేదు. టిక్కు బదులు తేదీ వేస్తే ఇంకా మంచిది, ఏ అధ్యాయం ముట్టుకుని ఎన్నాళ్లయిందో తెలుస్తుంది. కొన్ని అధ్యాయాల్లో ఎనిమిది మార్కుల లెక్క అంత సహజంగా రాదు, అక్కడ ఆ గడి కొట్టేయండి.

తర్వాత 14 చీటీల మీద అధ్యాయాల పేర్లు రాసి ఖాళీ పచ్చడి సీసాలో వేయండి. రోజుకు రెండు తీయండి. తీసినవి పక్కన పెట్టాలి, సీసా ఖాళీ అయ్యేదాకా తిరిగి వేయకూడదు. ఏడు రోజుల్లో పుస్తకం ఒక చుట్టు తిరుగుతుంది. ఒక్కో చీటీకి 40 నిమిషాలు: చిన్న ప్రశ్నలు అయిదు, అభ్యాసంలోంచి కళ్లు మూసుకుని వేలు పెట్టిన లెక్కలు రెండు. వేలు పెట్టడం ఎందుకంటే, మనమే ఎంచుకుంటే వచ్చిన లెక్కనే ఎంచుకుంటాం. ఇష్టంలేని అధ్యాయం వస్తే చీటీ మళ్లీ సీసాలో పడేయాలనిపిస్తుంది. ఆ కుర్రాడు అలా రెండుసార్లు చేస్తే వాళ్లమ్మ పట్టుకుంది.

దీనికీ ఒక హద్దుంది. పరీక్షకు పది రోజులే ఉండి సగం అధ్యాయాలు కొత్తవైతే, 40 నిమిషాల్లో కొత్త అధ్యాయం రాదు. అప్పుడు 8 గడి వదిలేసి, ప్రతి అధ్యాయంలో 1, 2 గడులు నింపండి. ఆ రెండు స్థాయిల ప్రశ్నలే 28 మార్కులు. గట్టిగా వచ్చిన నాలుగైదు అధ్యాయాల్లో మాత్రం 4, 8 చేయండి.

జిరాక్సు కాగితం పారేయక్కర్లేదు. రెండు చుట్లు అయ్యాక బయటకు తీసి, ప్రతి ప్రశ్నలో అంకెలు మార్చి చేయండి. సూర్యుడి ఎత్తు కోణం 60° నుంచి 30°కి తగ్గితే గోపురం నీడ 40 మీటర్లు పెరిగింది, ఎత్తెంత అనే లెక్క అందులో ఉండే ఉంటుంది. జవాబు 20√3 అని నోటికి వచ్చేసి ఉంటుంది కూడా. 40 ని 50 చేసి బొమ్మ గీసి చేయండి. 25√3 మీటర్లు రావాలి. రాకపోతే త్రికోణమితి అనువర్తనాల గడిలో తేదీ కొట్టేయండి.

వచ్చే భాగానికి మీ పట్టిక, ఒక చుట్టు తేదీలతో సిద్ధంగా ఉండాలి. ఖాళీ గడులు ఎక్కువగా ఉండేది వృత్తాలకు సంబంధించిన వైశాల్యాల దగ్గరే అని నా అనుభవం. అందుకే ఏడో భాగం సెక్టరు, వృత్తఖండంతో మొదలుపెడదాం. వృత్తలేఖిని తెచ్చుకోండి.