రీఫండ్ దుర్వినియోగమని ఖాతాను గుర్తించే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

ఆన్‌లైన్ దుకాణంలో ఒక కొనుగోలుదారుని ఆర్డర్ల చరిత్రను తెరవగానే మొత్తం రిటర్న్‌ల శాతాన్ని చూసి ఒక అభిప్రాయానికి రాకండి. వస్తువు తిరిగి గిడ్డంగికి చేరి, తనిఖీలో సరిగా ఉన్నట్లు తేలిన రీఫండ్‌లను ఒక వరుసలోను, “పార్సెల్ అందలేదు”, “పెట్టె ఖాళీగా ఉంది” వంటి ఫిర్యాదులపై వస్తువు వెనక్కి రాకుండానే చెల్లించిన రీఫండ్‌లను మరొక వరుసలోను వేరుచేసిన తరువాతే లెక్క మొదలుపెట్టాలి.

ఉదాహరణకు, ఇద్దరు కొనుగోలుదారులు చెరి 40 ఆర్డర్లు చేశారనుకుందాం. మొదటివారు 18 దుస్తులు వెనక్కి పంపారు. అన్నీ కొలత సరిపోనివే, అన్నీ తిరిగి అమ్మకానికి పనికివచ్చాయి. రెండవవారికి దక్కిన రీఫండ్‌లు 7 మాత్రమే, కానీ 6 సందర్భాల్లో వస్తువు తిరిగి రాలేదు, ఆ ఆరూ ఖరీదైన వస్తువులే, పైగా చవక వస్తువులు ఒక్కసారి కూడా తప్పిపోలేదు. శాతాన్నే నమ్మితే మొదటివారు దోషిగా కనిపిస్తారు; పరిశీలించవలసింది రెండవవారిని.

అయినా తొందరపడకూడదు. ఆ ఆరు పార్సెళ్లనూ ఒకే డెలివరీ మార్గం మోసిందా, అదే మార్గంలో ఇతరుల నుంచీ ఇలాంటి ఫిర్యాదులు వచ్చాయా అన్నది తప్పక చూడాలి, ఎందుకంటే దొంగతనం దారిలోనే జరిగి ఉండవచ్చు.

చిరునామా కలిసినంత మాత్రాన వేర్వేరు ఖాతాలను ఒకే వ్యక్తివని ముడిపెట్టవద్దు. వసతిగృహంలో అందరిదీ ఒకే చిరునామా.

అనుమానం మిగిలితే ఖాతాను మూసివేయకుండా, ఖరీదైన ఆర్డర్లకు మాత్రం ఓటీపీతో డెలివరీ కోరి, ఫిర్యాదులు ఆగుతాయేమో గమనించండి.