అపార్టుమెంటు మెయింటెనెన్సుతో మాట్లాడటం, 3వ పాఠం: "మళ్లీ వచ్చింది" అంటే చాలదు

ఏ పని వాచ్‌మన్‌కి చెప్పాలో, ఏది సెక్రటరీ గారి దాకా తీసుకెళ్లాలో కిందటి పాఠంలో చూశాం. ఈసారి ఒక్క సమస్యే తీసుకుందాం: బాత్రూం సీలింగ్ మీద చెమ్మ మచ్చ. బాగు చేయించిన పది రోజులకే తిరిగొచ్చే రకం. విశాఖలో గాలిలోనే తేమ కదా, "సముద్రం పక్కన గోడలన్నీ ఇంతేనండీ" అనే మాట ప్లంబర్ల నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ మాటకి జవాబు మన దగ్గర ఉండాలి.

మాది ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, 302 అనుకోండి. మచ్చ కనిపించిన ప్రతిసారీ నేను వాచ్‌మన్‌ని పిలిచి "మళ్లీ వచ్చింది" అనేదాన్ని. "అలగేనమ్మా, రేపు సూపిస్తాను" అనేవాడు. పాపం చూపించేవాడు కూడా. వచ్చిన ప్లంబర్ మాత్రం ప్రతిసారీ కొత్తవాడు. అతనికి ఇది మొదటి ఫిర్యాదే. పైన 402లో టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ రాసి వెళ్లిపోయేవాడు. అంతకుముందు వచ్చినవాడు చేసిందీ అదేనని చెప్పాల్సింది నేనే, చెప్పలేదు. తిరిగొచ్చే సమస్యలో ప్లంబర్‌కి పనికొచ్చేది మచ్చ ఒక్కటే కాదు. ఇంతకుముందు ఏం చేశారు, అది ఎన్నాళ్లు ఆగింది అన్న లెక్క కూడా కావాలి.

రెండోసారి రిపేరు పాడయ్యాక పెన్సిల్ పట్టుకుని స్టూలెక్కాను. మచ్చ అంచు వెంట సన్నగా గీత గీసి, పక్కన తేదీ, టైం రాశాను. ఫొటోలు ఎన్ని తీసినా మచ్చ పెరిగిందా లేదా అన్నది వాదనే అవుతుంది, ఎందుకంటే ఫోను కాస్త దగ్గరగా పెడితే చిన్న మచ్చా పెద్దగా కనబడుతుంది. గీత దాటిందో లేదో మాత్రం ఎవరికైనా తెలుస్తుంది. రోజూ ఒకే టైంకి చూడండి, దాటితే కొత్త గీత గీయండి. అన్నట్టు, మచ్చ లైటు పాయింటు దగ్గరికో, గీజరు స్విచ్చు దగ్గరికో వస్తే గీతలూ గీయొద్దు, పాఠమూ వద్దు. ఆ బాత్రూం ఎంసీబీ ఆపేసి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇప్పుడు నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయన్న సంగతి. మా ఇంటి మీద ఇంకో ఇల్లుంది కాబట్టి అనుమానం మూడు చోట్ల: బయటి గోడ, పై ఇంటి కుళాయి లైను, పై ఇంటి డ్రైనేజీ వైపు. బయటి గోడ అయితే వాన పడ్డాక పెరుగుతుంది. కుళాయి లైనులో ట్యాంకు నుంచి నీళ్లు ఎప్పుడూ ఒత్తిడితో ఉంటాయి కాబట్టి, పైవాళ్లు వాడినా వాడకపోయినా చెమ్మ ఆగదు. డ్రైనేజీ వైపు, అంటే బాత్రూం నేల మీది నీళ్లు దిగే నహానీ ట్రాప్, కమోడు జాయింటు, టైల్స్ కింద వాటర్‌ప్రూఫింగ్ అయితే, వాళ్లు వాడినప్పుడే పెరుగుతుంది.

నా అదృష్టం, దసరా సెలవులకి 402 వాళ్లు అయిదు రోజులు సొంతూరు వెళ్లారు. ఆ అయిదు రోజుల్లో రెండు రాత్రులు గట్టి వాన పడింది. మచ్చ ఎండిపోలేదు గానీ గీత దాటలేదు. బాత్రూంల కింద శ్లాబు దించి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేసి ఉంటారు. ఆ నింపుడులో నిలిచిన నీరు రోజుల తరబడి దిగుతూనే ఉంటుంది. అందుకని ఆరిందా అని కాదు, ఆగిందా అని చూడాలి. వాన పడినా ఆగిందంటే బయటి గోడ మీద అనుమానం చాలావరకు పోయినట్టే. కుళాయి లైను సంగతి తేలాలంటే ఇంకో ప్రశ్న ఉంది: వెళ్తూ వెళ్తూ వాల్వు కట్టేశారా? కట్టేసి ఉంటే ఈ లెక్క చెల్లదు. అడిగితే "లేదమ్మా, అన్నీ అలాగే వదిలేసి వెళ్లాం" అన్నారు పై పిన్నిగారు. వాళ్లొచ్చిన మూడో రోజుకి మచ్చ గీత దాటి రెండు వేళ్ల వెడల్పు పెరిగింది. అంటే కుళాయి లైనూ కాదు, అనుమానమంతా డ్రైనేజీ వైపే.

ఇక్కడే నేను ఒక తప్పు చేయబోయాను. "నహానీ ట్రాప్ లీకు, మార్చండి" అని రాయబోయాను. అలా రాస్తే వాళ్లు సరిగ్గా ట్రాప్ మార్చి, బిల్లిచ్చి వెళ్తారు. లీకు కమోడు దగ్గరుంటే ఆ తప్పు నాదవుతుంది. పైగా శ్లాబు మీద నీరు వాలు ఎటుంటే అటు పారుతుంది, కాబట్టి మచ్చకి సరిగ్గా పైనే లీకు ఉండాలని లేదు. మనం చూసింది చెప్పి, పరీక్ష అడగాలి. సెక్రటరీ గారికి పంపిన మెసేజ్ ఇది:

"నమస్కారమండీ. 302, కామన్ బాత్రూం సీలింగ్, వెంటిలేటర్ వైపు మూల. ఆగస్టు నుంచి ఇది మూడోసారి. ఆగస్టు 20న 402లో టైల్స్ సందుల్లో వైట్ సిమెంట్ పెట్టారు, 11 రోజులు ఆగింది. సెప్టెంబరు 14న మళ్లీ వైట్ సిమెంట్ పెట్టి, మా సీలింగ్‌కి పెయింటు వేశారు, 8 రోజులు ఆగింది. 402 వాళ్లు ఊళ్లో లేని 5 రోజులు, వాన పడినా, మచ్చ పెరగలేదు. వచ్చిన మూడో రోజు పెరిగింది. గీతలతో ఫొటోలు 4 పెట్టాను. 402 బాత్రూంలో నహానీ ట్రాప్ మూసి, ఒక రాత్రి నీళ్లు నిలబెట్టి చూడాలి. ప్లంబర్ ఏ రోజు వస్తారో రేపు సాయంత్రంలోగా చెప్పగలరు."

కోపం ఒక్క మాటలోనూ లేదు, గమనించారా? ఉండాల్సినంత ఉంది, కానీ చెరిపేశాను. "ఎన్నిసార్లు చెప్పాలి" అని రాస్తే జవాబు కూడా దానికే వస్తుంది, లీకుకి రాదు. ఇదే విషయం అసోసియేషన్ ఫిర్యాదుల పుస్తకంలో రాసి, ఆ పేజీ ఫొటో తీసుకున్నాను. వాచ్‌మన్‌కి ఇంత పొడుగు మెసేజ్ అనవసరం. "బాబూ, ప్లంబర్ వస్తే సిమెంట్ రాయనీయకు, ముందు నీళ్లు నిలబెట్టి చూడమను, నన్ను పిలువు" అంటే చాలు.

పై ఇంటివాళ్లతో మాత్రం మనమే ముందు మాట్లాడుకోవాలి. "పిన్నిగారూ, మీ బాత్రూంలో తప్పుందని కాదు, నీళ్లు ఎటు నుంచో తేలాలి. ఒక్క రాత్రి ఆ బాత్రూం వాడకుండా ఉంటారా?" అంటే ఒప్పుకున్నారు. రాత్రి ట్రాప్ నోరు బిగించి, రెండంగుళాల నీళ్లు పెట్టారు. రెండు రోజులు చూశాం, గీత కదల్లేదు. అంటే నేల బాగానే ఉంది. తర్వాత ట్రాప్ తెరిచి, బకెట్లతో నీళ్లు గుమ్మరించారు. మర్నాటికి మచ్చ పెరిగింది. విప్పితే ట్రాప్‌కీ పైపుకీ మధ్య జాయింటు వదులై ఉంది. నేల మీద నీళ్లు నిలబెట్టినప్పుడే మచ్చ గీత దాటి ఉంటే వాటర్‌ప్రూఫింగ్ పని, ఖర్చు వేరే స్థాయిలో ఉండేది.

పని అయ్యాక "క్లోజ్ చేసేయమంటారా?" అని అడుగుతారు. అప్పుడే ఔననకండి. మా పాత రిపేర్లలో ఎక్కువ ఆగింది 11 రోజులు, కాబట్టి నెల రోజులు గీత దాటకపోతేనే క్లోజ్ చేయమన్నాను. అప్పటిదాకా పెయింటు కూడా వేయనివ్వలేదు. పెయింటు వేస్తే గీతలు పోతాయి మరి.

మీ ఇల్లు చేతికొచ్చి అయిదేళ్లు దాటకపోతే ఇదే మెసేజ్ బిల్డరుకీ రాతలో పంపండి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు చెప్పిన నిర్మాణ లోపాల్ని, పనితనం లోపాల్ని అతను 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి.

అభ్యాసం: మీ ఇంట్లో తిరిగొచ్చే సమస్య ఒకటి తీసుకుని, పాత రిపేర్ల తేదీలు, ఒక్కోటి ఎన్ని రోజులు ఆగిందో రాయండి. గుర్తు లేకపోతే ప్లంబర్‌కి డబ్బులు పంపిన ఫోన్‌పే లెక్క చూసుకోండి, తేదీలు నాకు దొరికింది అక్కడే. వచ్చే పాఠం, జాయింటు దొరికాక మొదలైన అసలు గొడవ మీద: ఖర్చు 402 వాళ్లదా, 302 వాళ్లదా, అసోసియేషన్‌దా.