షుగర్ ఉన్నవాళ్ళు శివరాత్రికి, లెంటుకు, రంజాన్‌కు ముందే చూసుకోవాల్సినవి

2027లో మూడు ఉపవాసాలూ నెల రోజుల వ్యవధిలో కలుస్తున్నాయి. నెలవంకను బట్టి రంజాన్ ఫిబ్రవరి 9 ప్రాంతంలో మొదలవుతుంది. ఫిబ్రవరి 10 విభూది బుధవారం, క్రైస్తవుల లెంటు దినాలకు తొలిరోజు. మార్చి 6న మహాశివరాత్రి. షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్ళు వీటిలో ఏది పాటించాలనుకున్నా డిసెంబరులోనే డాక్టరును కలవాలి. రంజాన్ ఉపవాసాల గురించి అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య ఇచ్చిన సూచనలు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే కలవమంటాయి. మోతాదు మార్చాక అది ఒంటికి ఎలా పడుతోందో చూసుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

నేను డయాబెటిస్ క్లినిక్‌లో నర్సుని. ఉపవాసంలో కళ్ళు తిరిగి పడిపోయి వచ్చినవాళ్ళను అడిగితే చాలామంది ముందే గుర్తుపట్టామనే చెబుతారు. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, గుండె దడదడలాడింది. అయినా నోట్లో ఏమీ వేసుకోలేదు. ఎందుకంటే రంజాన్ ఉపవాసమైన రోజా పోతుందని ఒకరు, మొక్కు తప్పుతుందని మరొకరు, ప్రభువుకు మాటిచ్చానని ఇంకొకరు. అందుకే నేను జాగ్రత్తలు చెప్పేటప్పుడు మందుల చీటీ కంటే ముందు ఉపవాసం దేనికోసమో అడుగుతాను. ఆ ఉద్దేశాన్ని బట్టే ప్రమాదం ఎక్కడుందో, మినహాయింపు ఎక్కడుందో తెలుస్తుంది.

శివరాత్రితో మొదలుపెడతాను. వ్రతానికి ప్రాణం సంకల్పం. ఏ రోజు, ఏ దేవుడి కోసం, ఏ నియమంతో చేస్తానో ముందుగా చెప్పుకుని దానికి కట్టుబడటం. ఉప అంటే దగ్గర, వాసం అంటే ఉండటం. పాపాల నుంచి మళ్ళి మంచి గుణాలతో కలిసి ఉండటమే ఉపవాసమనీ, శరీరాన్ని ఎండగట్టడం కాదనీ ధర్మశాస్త్రాలు చెప్పే శ్లోకం ఒకటి ఉంది. వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది అని మహాభారతం ఉద్యోగపర్వంలోనూ ఉంది. నీళ్ళు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. చివరి మాట మళ్ళీ చదవండి. మందు వేసుకుంటే వ్రతం చెడదు. "మాత్ర వేసుకుంటే ఎంగిలి అవుతుందేమో" అని పిన్నిగార్లు అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఇదే.

శివరాత్రిలో అసలు చిక్కు నిడివి. మార్చి 5 రాత్రి భోజనం చేసినవాళ్ళు ఏడో తేదీ ఉదయం ఉపవాసం విడిచే పారణ దాకా ఏమీ తినకపోతే ముప్పై గంటలు దాటిపోతుంది. దాని మీద జాగరణ. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర కడుపులో తిండి ఉందో లేదో చూడదు. రోజంతా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. అందుకే అలవాటుగా పొద్దున్నే మాత్ర వేసుకుని ఏమీ తినకుండా గుడికి వెళ్ళినవాళ్ళకు మధ్యాహ్నానికో, రాత్రి రెండో ఝాముకో షుగర్ పడిపోతుంది. గుడిలో కునికిపాట్లు పడుతుంటే నిద్ర అనుకుంటారు, అది లో షుగర్ అని పక్కవాళ్ళకు తట్టదు. జాగరణలో పక్కన కూర్చునే మనిషికి ముందే చెప్పి ఉంచండి. పిలిస్తే తడబడుతూ మాట్లాడినా, ఒళ్ళు చల్లగా చెమట పట్టి ఉన్నా నిద్ర అనుకోవద్దని.

ఫలాహారం చేసేవాళ్ళకు కథ తిరగబడుతుంది. చిలగడదుంపలు, అరటిపండ్లు, సగ్గుబియ్యం పాయసం అన్నీ కలిపి ఒకే పూట తింటే షుగర్ మూడు వందలు దాటడం నేను చూశాను. అందువల్ల సంకల్పం చెప్పుకునేటప్పుడే "పాలు, పండ్లు, మందు తీసుకుంటూ చేస్తాను" అని చేర్చుకోండి. అప్పుడు తినడం సంకల్పాన్ని మీరినట్టు కాదు, నిలబెట్టుకున్నట్టే. నాలుగు గంటలకోసారి చక్కెర లేని గ్లాసుడు పాలు, ఒక జామకాయ, లేదా ఉడికించిన చిన్న చిలగడదుంప సగం. నీళ్ళు దాహమైనప్పుడల్లా. ఆ రోజు గ్లిమెపిరైడ్ ఆపాలా, తగ్గించాలా అన్నది డాక్టరు చేత చీటీ మీద రాయించుకోండి, నోటిమాటగా వినివస్తే ఆ రోజుకు మరిచిపోతారు.

లెంటు ఉద్దేశం వేరు. అది పశ్చాత్తాప కాలం. చేసిన తప్పుకు దుఃఖపడి దేవునివైపు తిరగడం, తాను తగ్గించుకున్నది లేనివాళ్ళకు ఇవ్వడం. కతోలిక సభ నియమం చాలామంది అనుకునేంత కఠినం కాదు. విభూది బుధవారం, శుభ శుక్రవారం, ఈ రెండు రోజులే తప్పనిసరి ఉపవాసం. అదీ 18 ఏళ్ళు నిండినవారి నుంచి 59 ఏళ్ళు నిండేవారి వరకు. ఆ రెండు రోజుల్లోనూ ఒక పూర్తి భోజనం, రెండు చిన్న పూటలు ఉండొచ్చు. అనారోగ్యం ఉన్నవాళ్ళకు ఈ కట్టుబాటు లేదు. ఇలా చేస్తే షుగర్ ఉన్నవాళ్ళకు పెద్ద ఇబ్బంది రాదు.

ఇబ్బంది వచ్చేది సంఘం పెట్టని నియమం ఎవరికి వారే పెట్టుకున్నప్పుడు. మన సంఘాల్లో ఎస్తేరు ఉపవాసం పేరుతో మూడు రోజులు అన్నం, నీళ్ళు రెండూ మానేసేవాళ్ళున్నారు. అందులోనూ, ఉపవాసం మనుషులకు కనబడకూడదన్న మత్తయి సువార్త ఆరో అధ్యాయం మాట పట్టుకుని ఇంట్లోవాళ్ళకూ చెప్పరు. ఆ మాట గొప్ప కోసం చేయొద్దనే తప్ప, ఆపద దాచిపెట్టమని కాదు. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి అక్కా, పాస్టరుగారికి మీ జబ్బు సంగతి చెప్పండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళు నీళ్ళు లేని ఉపవాసం అసలు పెట్టుకోకూడదు. ఇవి మూత్రంలో చక్కెరను బయటికి పంపేస్తాయి, నీరూ పోతుంది. తిండి, నీళ్ళు లేకపోతే రక్తంలో కీటోన్‌లనే ఆమ్లాలు పేరుకుంటాయి. మీటరులో షుగర్ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ కంగారుపడరు. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస కనిపిస్తే మీటరును నమ్ముకోకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. మాంసం, రుచికరమైనవి మానేసి కూరగాయలు, పప్పులు వేళకు తినే దానియేలు ఉపవాసం ఇలాంటివారికి నయం. మాంసం, రుచిగల భోజనం మూడు వారాలు ముట్టలేదని దానియేలు గ్రంథం పదో అధ్యాయంలోనే ఉంది.

ఇక రోజా. దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను, ఎందుకంటే ఇది ఒకటి రెండు రోజులది కాదు. ఉపవాసం ఎందుకో ఖురాన్ రెండో సూరా 183వ ఆయతు చెబుతుంది, తఖ్వా కోసం. అల్లాహ్ చూస్తున్నాడన్న ఎరుకతో తనను తాను అదుపులో పెట్టుకోవడం. తర్వాతి ఆయతులోనే జబ్బుపడినవారు, ప్రయాణంలో ఉన్నవారు ఆ రోజాలను వేరే రోజుల్లో పూర్తి చేసుకోవచ్చని ఉంది. ఆ పై ఆయతు అల్లాహ్ మీకు సులువే కోరుతున్నాడు, కష్టం కాదు అంటుంది. ఎప్పటికీ ఉండలేని జబ్బు అయితే రోజుకొక పేదకు భోజనం పెట్టే ఫిద్యా ఉంది. జబ్బు వల్ల మధ్యలో విరమించినవారికి ప్రాయశ్చిత్తంగా అరవై రోజాల కఫ్ఫారా పడుతుందని భయపడేవాళ్ళను చూశాను. అది కారణం లేకుండా కావాలని విరమించినవారికి. జబ్బు వల్ల అయితే ఒకదానికి ఒక్క ఖజా, అంటే తర్వాత బదులుగా ఉండే ఒక్క రోజా. రంజాన్ రాకముందే ఇమాం దగ్గర ఈ మాట వినివస్తే మనసు కుదుటపడుతుంది. వేలు గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదనీ అక్కడే అడిగి తెలుసుకోండి. పోతుందేమోనని మీటరు ముట్టనివాళ్ళే ఎక్కువగా పడిపోతారు.

రోజా వద్దని డాక్టర్లు గట్టిగా చెప్పేది కొందరికి. టైప్-1 ఉన్నవాళ్ళు, గత మూడు నెలల్లో లో షుగర్‌తో స్పృహ తప్పినవాళ్ళు, డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళు, ఇన్సులిన్ వాడుతున్న గర్భిణులు.

మిగిలినవారికి నెల ఎలా గడుస్తుందో ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరులో 58 ఏళ్ళ దర్జీ అనుకోండి. పొద్దున్న గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ 500. డిసెంబరులో కలిసినప్పుడు డాక్టరు గ్లిమెపిరైడ్‌ను ఉదయం నుంచి సాయంత్రం రోజా విడిచే ఇఫ్తార్‌కు మార్చారు, మెట్‌ఫార్మిన్ ఇఫ్తార్‌కు ఒకటి, తెల్లవారకముందు తినే సహరీకి ఒకటి. ఫిబ్రవరిలో రోజా దాదాపు పదమూడు గంటలు, తెల్లవారుజాము ఐదున్నర నుంచి సాయంత్రం ఆరు దాటేదాకా. మాత్ర ఇఫ్తార్‌కు మారితే దాని జోరు రాత్రి, తిండి ఉన్నప్పుడు వస్తుంది.

తొమ్మిదో రోజున నిద్రపట్టి సహరీ తప్పింది. అయినా రోజా మానలేదు. మధ్యాహ్నం పన్నెండుకు మీటరు 104 చూపింది. మూడింటికి 82. ఇక్కడే ఆయన రెండంకెలనూ కలిపి చదివి ఉండాల్సింది. మూడు గంటల్లో ఇరవై దాకా పడింది, ఇంకా మూడు గంటలకు పైగా ఉంది. నాలుగు నలభైకి చెమట పట్టి, సూదిలోకి దారం ఎక్కలేదు. మీటరు 66. డెబ్బైకి కింద ఉంటే వెంటనే రోజా విరమించాలి. ఇఫ్తార్‌కు గంటన్నరే ఉందిగా అని ఆగకూడదు. ఆ గంటన్నరలోనే స్పృహ తప్పుతుంది. గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల పంచదార కలిపి తాగారు. పావుగంట తర్వాత మళ్ళీ చూస్తే 94. అంతటితో ఆపకుండా రెండు బ్రెడ్ ముక్కలు తిన్నారు, లేకపోతే మాత్ర ఇంకా పనిచేస్తున్నందున షుగర్ మళ్ళీ కిందికి జారుతుంది. మీటరు 300 దాటినా ఇలాగే విరమించాలి, అప్పుడు పంచదార కాదు, నీళ్ళు తాగి డాక్టరుకు ఫోను చేయాలి.

మర్నాడు ఆయన ఆ అంకెలన్నీ రాసిన చీటీ చూపిస్తే గ్లిమెపిరైడ్ సగానికి తగ్గింది. సహరీ తప్పితే ఆ రోజు రోజా వద్దన్న మాట కూడా డాక్టరు చీటీలో రాశారు. అలారం కోడలి ఫోనులోకి మారింది. ఇఫ్తార్‌కు ఖర్జూరం ఒకటి, మజ్జిగ, ముందు కూర, హలీం అయితే చిన్న గిన్నెడు, తిన్న రెండు గంటలకు మళ్ళీ వేలు గుచ్చి చూడటం. ఖజా ఒక్కటే మిగిలింది. దాన్ని పగలు చిన్నగా ఉండే డిసెంబరుకు పెట్టుకున్నారు.