మడత కీబోర్డును తొడలపై పరిచి చూసి కొనండి

రాజమండ్రి నుంచి భీమవరం వెళ్ళే రైలులో ఒడిలో పెట్టుకుని టైపు చేయవలసిన వారు, మడత కీబోర్డును దుకాణపు బల్లపై కాక, తొడలపై పరిచి పరీక్షించాలి. బల్లపై కుదురుగా ఉన్నదే ఒడిలో మడత దగ్గర కుంగుతుంది. నడుమ మడిచేదైతే జి, హెచ్, బి మీటలు తరచూ తప్పిపోతాయి. మామూలు కీబోర్డులో ఒక మీట నడిమి నుంచి పక్క మీట నడిమికి సుమారు 19 మిల్లీమీటర్లు ఉంటుంది; అంతకంటే బాగా తగ్గితే వేళ్ళు రెండు మీటలను కలిపి నొక్కుతాయి కనుక స్కేలుతో కొలవండి. గంటల తరబడి రాసేవారికి, సంచిలో ఎక్కువ చోటు పట్టినా, మడవని పలుచని కీబోర్డే మేలని నా అభిప్రాయం. మడతదే కావాలంటే, పిల్లలు పరీక్షలకు తీసుకెళ్ళే అట్టను కింద పెట్టుకుంటే అది కుంగదు, అయితే ఆ అట్టను కూడా వెంట మోయవలసి వస్తుంది.