మలుపులో రోటవేటర్ టకటకమంటోందా?

కల్టివేటర్‌కు ట్రాక్టర్ వెనకున్న మూడు లింకులు చాలు. కింది రెండూ లాగుతాయి, ఎత్తుతాయి. పైన టాప్ లింక్ పనిముట్టు వాలును పట్టి ఉంచుతుంది. రోటవేటర్‌కు అది సరిపోదు. బ్లేడ్లు తిరగాలంటే పీటీఓ షాఫ్ట్ కూడా కావాలి. సాధారణంగా అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది.

చిక్కంతా గట్టు దగ్గరే. మలుపు తిప్పడానికి లిఫ్ట్ పైదాకా లేపితే రోటవేటర్ లేస్తుంది, కానీ షాఫ్ట్ రెండు చివర్లా బాగా వంగిపోతుంది. ఆ వంపులో తిరిగితే టకటక శబ్దం, ట్రాక్టర్‌లో అదురు వస్తాయి. అలాగే నడిపితే ముందుగా పోయేవి క్రాస్ బేరింగులు. (మెకానిక్‌కు మాత్రం మంచి బేరమే!)

బ్లేడ్లు మట్టిని వదిలేంత ఎత్తు లేపితే చాలు. లిఫ్ట్ లివర్ పక్కనుండే స్టాపర్‌ను అక్కడే బిగించేయండి, ప్రతిసారీ చూసుకునే పని ఉండదు. ఇంకా ఎత్తాల్సి వస్తే ముందు పీటీఓ ఆపండి.

శబ్దం దున్నేటప్పుడే వస్తుంటే టాప్ లింక్ పొడవు చూడండి. పని లోతులో రోటవేటర్ గేర్‌బాక్స్ ఇరుసు, ట్రాక్టర్ పీటీఓ ఇరుసు ఒకే వాలులో ఉండాలి. ఇంజన్ ఆపి, షాఫ్ట్ పూర్తిగా నిలిచాకే దిగి చూడండి.