కటకాలతో లెక్కలు – 5వ భాగం: మందపాటి కటకంలో దూరాలు ఎక్కడి నుంచి కొలవాలి?

గత భాగంలో ఒకే గోళాకార తలం దగ్గర కాంతి ఎలా వంగుతుందో లెక్క కట్టాం. అక్కడ దూరాలన్నీ ఆ తలం నుంచే కొలిచాం కాబట్టి చిక్కు రాలేదు. కటకానికి రెండు తలాలుంటాయి. పలుచని కటకమైతే రెండూ ఒకేచోట ఉన్నట్టు అనుకుని దాటేశాం. గాజు మందంగా ఉంటే అలా అనుకోవడం కుదరదు.

ఒక కటకం తీసుకుందాం. ఒకవైపు చదును, మరోవైపు ఉబ్బు. ఉబ్బు వైపు వక్రతా వ్యాసార్ధం 10 సెం.మీ., మధ్యలో మందం 3 సెం.మీ., గాజు వక్రీభవన గుణకం 1.5. రెండు వైపులా గాలే. ఇక్కడి లెక్కలన్నీ అక్షానికి దగ్గరగా సాగే కిరణాలకే వర్తిస్తాయి.

అక్షానికి 1 సెం.మీ. ఎత్తులో ఒక సమాంతర కిరణాన్ని ఉబ్బు వైపు నుంచి పంపండి. మొదటి తలం దాన్ని గాజులోనే 30 సెం.మీ. దూరంలో అక్షాన్ని తాకేలా వంచుతుంది (1.5 × 10 / 0.5). అది 3 సెం.మీ. నడిచి చదును తలాన్ని చేరేసరికి ఎత్తు 0.9 సెం.మీ.కి తగ్గుతుంది. గాజులో ఇంకా 27 సెం.మీ. మిగిలిన ప్రయాణం గాలిలోకి రాగానే 27 / 1.5, అంటే 18 సెం.మీ. అవుతుంది. కాబట్టి నాభి చదును తలానికి 18 సెం.మీ. అవతల ఉంది.

ఇప్పుడు బయటికి వచ్చిన కిరణాన్ని స్కేలు పెట్టి వెనక్కి పొడిగించండి. 18 సెం.మీ.లో 0.9 దిగుతోంది కాబట్టి, 1 సెం.మీ. ఎత్తు దొరకాలంటే నాభి నుంచి 20 సెం.మీ. వెనక్కి వెళ్లాలి. ఆ చోటు చదును తలం నుంచి 2 సెం.మీ. గాజు లోపల ఉంది. కిరణం నిజానికి రెండు తలాల దగ్గర వంగింది. కానీ బయట నిలబడి చూసేవారికి, లోపలున్న ఆ ఒక్క తలం దగ్గరే ఒకేసారి వంగినట్టు కనిపిస్తుంది. అదే రెండో ప్రధాన తలం. అది అక్షాన్ని కోసే బిందువు H′. నాభ్యంతరం అంటే H′ నుంచి నాభికి ఉన్న దూరం, 20 సెం.మీ.

అదే కిరణాన్ని చదును వైపు నుంచి పంపితే మొదటి తలం దగ్గర వంగదు, ఉబ్బు దగ్గర ఒక్కసారే వంగుతుంది. నాభి ఉబ్బు శీర్షానికి 20 సెం.మీ. దూరంలో పడుతుంది. అంటే మొదటి ప్రధాన బిందువు H సరిగ్గా ఉబ్బు శీర్షం మీదే ఉంది.

చాలామంది తడబడేది ఇక్కడే. కటకాన్ని ఒకలా పెట్టి గాజు అంచు నుంచి కొలిస్తే 18 వస్తుంది, తిప్పి పెడితే 20. నాభ్యంతరం మారిందనుకుంటారు. మారలేదు, కొలత మొదలుపెట్టిన చోటు మారింది. తిప్పినప్పుడు రెండు అంకెలు వేరుగా వస్తే, ప్రధాన తలాలు గాజు తలాల నుంచి సమాన దూరంలో లేవని గుర్తు.

ఇక వాడి చూద్దాం. ఉబ్బు శీర్షానికి 30 సెం.మీ. ముందు వస్తువు పెట్టండి. వస్తు దూరం H నుంచి, ప్రతిబింబ దూరం H′ నుంచి కొలుస్తున్నాం కాబట్టి పాత కటక సూత్రమే చాలు:

1/v = 1/20 − 1/30 = 1/60

v = 60 సెం.మీ. అయితే తెరను చదును తలం నుంచి 60 దగ్గర కాదు, 58 దగ్గర పెట్టాలి. నమ్మకం కుదరకపోతే గత భాగం పద్ధతిలో సరిచూడండి. మొదటి తలం ప్రతిబింబాన్ని 90 సెం.మీ. దగ్గర ఏర్పరచబోతుంది, మందం పోగా 87 మిగులుతుంది, 87 / 1.5 = 58. రెండు దారులూ ఒకచోటికే చేరాయి.

ఇక నోడల్ బిందువులు N, N′ సంగతి. N వైపు గురిపెట్టిన కిరణం, ఏ కోణంలో వచ్చిందో అదే కోణంలో, N′ నుంచి వచ్చినట్టుగా బయటపడుతుంది. మన కటకంలో దీన్ని కళ్లతో చూడొచ్చు. ఉబ్బు శీర్షం దగ్గర గాజు తలం చదును తలానికి సమాంతరం. అక్కడ ఏటవాలుగా దూరిన కిరణానికి అది 3 సెం.మీ. గాజు పలక లాంటిదే. కోణం మారదు, కిరణం కొంచెం పక్కకు జరుగుతుంది, అంతే. చదును వైపు నుంచి చూస్తే ఆ శీర్షం 3 సెం.మీ. లోతులో కాక 3 / 1.5, అంటే 2 సెం.మీ. లోతులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ చోటే N′. అది H′ ఉన్న చోటే! నీళ్ల అడుగున ఉన్న నాణెం పైకి తేలినట్టు కనిపించే సూత్రమే ఇక్కడ ప్రధాన తలాన్ని చూపిస్తోంది. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

N వచ్చి H మీద, N′ వచ్చి H′ మీద పడటం రెండు వైపులా ఒకే యానకం ఉన్నప్పుడే. చదును వైపు నీళ్లుంటే (గుణకం 1.333) ఆ వైపు నాభ్యంతరం సుమారు 26.7 సెం.మీ. అవుతుంది, గాలి వైపు 20గానే ఉంటుంది. ఆ తేడా 6.7 సెం.మీ. మేర రెండు నోడల్ బిందువులూ ప్రధాన బిందువుల నుంచి నీళ్ల వైపు జరుగుతాయి. కంటికి ముందు గాలి, లోపల ద్రవం కాబట్టి అక్కడా ఇవి విడిగానే ఉంటాయి.

రెండు నాభులు, రెండు ప్రధాన బిందువులు, రెండు నోడల్ బిందువులు కలిపి ఆరింటినీ కార్డినల్ బిందువులంటారు.

వచ్చే భాగానికి ముందు ఒక లెక్క చేయండి: 4 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న గాజు గోళం, గుణకం 1.5. నాభి గోళం అంచుకు 2 సెం.మీ. బయట పడాలి, రెండు ప్రధాన తలాలూ కేంద్రం దగ్గర కలిసిపోవాలి. మీకు 6 సెం.మీ. నాభ్యంతరం వస్తే లెక్క సరైనదే.