రోజు కూలి లెక్క – 3వ భాగం: ఆదివారం, పండగ సెలవు పగారులో ఎలా కలుస్తాయి

పోయిన భాగంలో హాజరీ బుక్కు రాయడం చూశాం కదా, ఇప్పుడు దాన్నే ముందు పెట్టుకుని నెల పగారు తీద్దాం. మహారాష్ట్రలోని రాజురాలో ఒక సిమెంట్ గోడౌన్ అనుకోండి, 12 మంది పనోళ్ళు, రోజుకి 500, ఆదివారం బంద్. నెల 2025 ఆగస్టు.

ఆ నెలలో 31 రోజులు, ఆదివారాలు 5 (3, 10, 17, 24, 31). ఇక 15 శుక్రవారం స్వాతంత్ర్య దినం, 27 బుధవారం వినాయక చవితి. మహారాష్ట్రలో 2017 షాపుల చట్టం ప్రకారం ఆ ఆగస్టు నాటికి 10 మంది, ఆపైన ఉన్నచోట ఏడాదికి 8 పగారు సెలవులు ఉండేవి: జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, మిగతా 4 సేఠ్, పనోళ్ళు మాట్లాడుకుని పెట్టుకునేవి. మన గోడౌన్‌లో చవితి ఆ నాలుగింట్లో ఉందనుకుందాం. అంటే నిజంగా పని చేసింది 24 రోజులు.

చాలామంది ముకాదంలు 24 × 500 = 12,000 చేతిలో పెట్టి పంపేస్తారు, పనోడు కూడా నేను చేసింది 24 రోజులేగా అని తీసుకుని పోతాడు, ఇక్కడే డబ్బు పోతుంది.

ముందు ఒకటి కనుక్కోండి, ఆ 500 ఎలా వచ్చింది? నెల జీతం 13,000 పెట్టి 26తో భాగిస్తే వచ్చిందా, అయితే ఆదివారం డబ్బు అందులోనే కలిసుంది, మళ్ళీ విడిగా రాదు. ఆ ఆగస్టు నాటికి నడుస్తున్న కనీస వేతనాల కేంద్ర నియమాలు, 1950లో 23వ రూల్లో ఈ సంగతే ఉంది. అప్పుడు 24 పని రోజులు + 2 సెలవులు = 26, పగారు 13,000. అలా కాకుండా ఉత్త రోజు రేటే 500 అని మాట్లాడుకుంటే ఆదివారాలు కూడా లెక్కలోకొస్తాయి, 24 + 2 + 5 = 31, పగారు 15,500. రెండింటికీ తేడా 2,500, అందుకే పనిలో చేరినరోజే రేటు ఏ రకమో కాగితం మీద రాయించుకోండి, నోటిమాట మీద వదిలేస్తే నెలాఖర్లో సేఠ్‌కి గుర్తుండదు.

ఇప్పుడు నాగా సంగతి. 20 బుధవారం పనికి పోలేదనుకోండి. 26తో భాగించిన రేటయితే 500 పోతుంది, 12,500 వస్తాయి. ఉత్త రోజు రేటయితే ఆ రూల్ ప్రకారం వరసగా ఆరు రోజులు చేస్తేనే వారం సెలవుకి పగారు, కాబట్టి 24 ఆదివారం కూడా పోతుంది, 1,000 తగ్గి 14,500. అయితే 15న సేఠే సెలవిచ్చాడు కదా, దాన్ని నాగా అని రాసి 17 ఆదివారం కొట్టేస్తే ఒప్పుకోకండి, యజమాని ఇచ్చిన సెలవు పని చేసినట్టే లెక్క.

మీరు ఇంట్లో 2025 అక్టోబర్ వేసి చూడండి. ఆదివారాలు 4, దసరా కూడా అక్టోబర్ 2నే పడింది కాబట్టి రెండూ కలిసి ఒక్క రోజే, దీపావళికి 21న ఒక సెలవు. నాగా లేకపోతే ఉత్త రోజు రేటుకి 15,500, 26 రేటుకి 13,500 రావాలి. రాకపోతే పని రోజులు 25 వచ్చాయో లేదో ముందు చూసుకోండి. ఓవర్‌టైమ్ లెక్క 4వ భాగంలో.